5 వోల్టుల సెన్సర్, 3.3 వోల్టుల బోర్డు: పిన్ కాలిపోకుండా కలిపేది ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న వైరు గురించి మాట్లాడుకుందాం. అల్ట్రాసోనిక్ సెన్సర్ నుంచి ఈఎస్‌పీ32 బోర్డుకి వచ్చే ఎకో వైరు. చాలామంది దీన్ని డైరెక్ట్‌గా గుచ్చేస్తారు. పని కూడా చేస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన సాలూరులో ఎవరినైనా అడగండి, లారీ అంటే 24 వోల్టులు, కారు అంటే 12 వోల్టులు అని చెప్తారు. కారు బల్బు తెచ్చి లారీకి పెడితే ఏమవుతుంది? ఒక్కసారి మెరిసి ఎగిరిపోతుంది. తప్పు జరిగిందని వెంటనే తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్స్ బోర్డుల్లో కూడా ఇలాంటి రెండు కుటుంబాలున్నాయి. పాత ఆర్డునో ఊనో, దానితో పాటు వచ్చిన చాలా సెన్సర్లు 5 వోల్టులవి. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై, పికో ఇవన్నీ 3.3 వోల్టులవి. తేడా ఏంటంటే, బల్బులాగ పిన్ వెంటనే చెప్పదు. వారాల తరబడి మామూలుగానే పని చేసి, ఒకరోజు మొండికేస్తుంది.

మా పిన్ని కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇంటి మీద ట్యాంకులో నీళ్ళెంతున్నాయో ఫోన్‌లో కనబడేలా ఒకటి తయారు చేశాడు. ఈఎస్‌పీ32 బోర్డు, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్, అంతే. నెట్‌లో దొరికిన బొమ్మ చూసి ఎకో వైరుని 18వ పిన్‌కి నేరుగా కలిపేశాడు. ఆ బొమ్మ ఊనో కోసం గీసింది. నేను చూసి, "ఒరే, ఇది 5 వోల్టులు పంపిస్తుందిరా" అన్నాను. "ఏటన్నయ్యా, పని చేస్తంది కదా, మరేటి భయం?" అన్నాడు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. రీడింగ్ ఎప్పుడు చూసినా సున్నా. ముందు కోడ్ మీద అనుమానపడ్డాడు, లైబ్రరీ మార్చాడు. తర్వాత సెన్సర్ మీద అనుమానపడి కొత్తది కొన్నాడు. అయినా సున్నాయే. అసలు పోయింది పిన్ అని అతనికి తట్టలేదు, ఎందుకంటే బోర్డు మిగతా అన్నిటికీ బాగానే ఉంది. వైఫై వస్తోంది, కోడ్ ఎక్కుతోంది. పిన్ దెబ్బ తింటే నష్టం ఇలాగే ఉంటుంది. పోయేది బోర్డు డబ్బులు మాత్రమే కాదు, తప్పు ఎక్కడుందో వెతకడంలో రోజులు పోతాయి.

పిన్ లోపల ఏం జరుగుతుంది

ఈఎస్‌పీ32 డేటాషీట్‌లో ఒక గీత గీసి ఉంటుంది. పిన్ మీదకి వచ్చే వోల్టేజ్, చిప్‌కి ఇచ్చే సప్లై కంటే 0.3 వోల్టు మించకూడదు. సప్లై 3.3 కాబట్టి హద్దు 3.6 వోల్టులు. ఎకో పిన్ నుంచి వచ్చేది దాదాపు 5.

సాధారణంగా ఇలాంటి చిప్పుల్లో ప్రతి పిన్ వెనకాల రక్షణకి డయోడ్ లాంటి ఒక దారి ఉంటుంది. చేతి నుంచి వచ్చే స్టాటిక్ షాక్ లాంటి క్షణంలో పోయే దెబ్బ కోసం పెట్టింది అది. పిన్ మీద వోల్టేజ్ సప్లైని దాటితే, ఎక్కువైన కరెంట్ ఆ దారి గుండా 3.3 లైన్‌లోకి వెళ్ళిపోతుంది. మనం 5 వోల్టులు నేరుగా ఇస్తే, అత్యవసర దారిని రోజూ వాడే రోడ్డుగా మార్చేసినట్టే.

మరి మూడు వారాలు ఎలా బతికింది? లెక్క చూడండి. సెన్సర్ ముందు మీటరు దూరంలో నీళ్ళుంటే, ఎకో పిన్ సుమారు 5.8 మిల్లీసెకన్లు మాత్రమే హై అవుతుంది. సెకనుకి ఒక్కసారి కొలిస్తే, మిగతా 994 మిల్లీసెకన్లు పిన్‌కి విశ్రాంతే. పైగా సెన్సర్ మీదున్న చిన్న చిప్ ఎంత కరెంట్ నెట్టగలదన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకరికి ఏడాది నడుస్తుంది, ఇంకొకరికి మొదటిరోజే పోతుంది. "నాకు పని చేసింది" అన్న మాట ఇక్కడ ఏ గ్యారంటీ కాదు.

ఇంకో మోసం కూడా ఉంది. చాలామంది ఎకో పిన్ మీద మల్టీమీటర్ పెట్టి చూస్తారు. మీటర్ చూపించేది సగటు. సెకనుకి 5.8 మిల్లీసెకన్లు మాత్రమే 5 వోల్టులుంటే, సగటు 0.03 వోల్టు. మీటర్ మీద దాదాపు సున్నా కనబడుతుంది. అది చూసి "5 వోల్టులు రావట్లేదు, సేఫే" అనుకుంటే అంతే సంగతులు. పల్స్ ఎంత ఎత్తు లేస్తోందో మామూలు మీటర్ చెప్పలేదు.

ముందు అడగాల్సిన ప్రశ్న: వైరుని నడిపేది ఎవరు?

లెవెల్ షిఫ్టింగ్ అనగానే అందరూ మాడ్యూల్ కొనడానికి వెళ్తారు. దానికంటే ముందు ప్రతి వైరు దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ వైరు మీద వోల్టేజ్ పెట్టేది ఎవరు? బోర్డా, సెన్సరా, లేక ఇద్దరూనా? జవాబుని బట్టి మందు మారుతుంది.

మన సెన్సర్‌కి నాలుగు కాళ్ళు. ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి గ్రౌండ్, మిగిలినవి ట్రిగ్, ఎకో.

ట్రిగ్ వైరుని నడిపేది బోర్డు. అది 3.3 వోల్టులు పంపిస్తుంది, సెన్సర్ తీసుకుంటుంది. 5 వోల్టుల చిప్‌కి 3.3 ఇస్తే కాలేదేమీ లేదు. ఉన్న ఒకే అనుమానం, ఆ 3.3ని సెన్సర్ హై అని గుర్తిస్తుందా లేదా అన్నది. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 మామూలుగా గుర్తిస్తుంది. కాబట్టి ట్రిగ్‌ని నేరుగా కలపొచ్చు. ఒకవేళ గుర్తించకపోతే రీడింగ్ రాదు, అంతే తప్ప ఏదీ పాడవదు. కలిపే ముందు ఒక్క చిన్న పరీక్ష చేసుకోండి. సెన్సర్‌కి సప్లై ఇచ్చి, ట్రిగ్ కాలుని ఖాళీగా వదిలి మీటర్‌తో చూడండి. అక్కడ 5 వోల్టులు నిలకడగా కనబడితే, సెన్సర్ లోపల ఆ కాలుని 5కి లాగే రెసిస్టర్ ఉందన్నమాట. అలాంటప్పుడు నేరుగా కలపకండి, చివర్లో చెప్పే మాడ్యూల్ వాడండి.

ఎకో వైరుని నడిపేది సెన్సర్. 5 నుంచి 3.3కి వస్తోంది. ప్రమాదం ఉన్నది ఈ ఒక్క వైరులోనే. దీనికి రెండు రెసిస్టర్లు చాలు.

రెండు రెసిస్టర్ల లెక్క

ఎకో నుంచి ఒక రెసిస్టర్ మధ్య పాయింట్‌కి వస్తుంది. దాన్ని R1 అందాం. ఆ మధ్య పాయింట్ నుంచి ఇంకో రెసిస్టర్, R2, గ్రౌండ్‌కి వెళ్తుంది. బోర్డు పిన్‌ని మధ్య పాయింట్‌కి కలుపుతాం. దీన్నే వోల్టేజ్ డివైడర్ అంటారు. ఇంటర్ ఫిజిక్స్‌లో చూసిందే.

```
Vpin = Vecho × R2 / (R1 + R2)
```

నెట్‌లో ఎక్కువగా కనబడే సలహా 1కే, 2కే. లెక్క కడితే సరిగ్గా 3.33 వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ 2కే రెసిస్టర్ చిన్న కిట్లలో తరచుగా ఉండదు, దగ్గర్లో ఉందని 2.2కే పెట్టేస్తారు. అప్పుడు 3.44 అవుతుంది. ఫోన్ ఛార్జర్ సరిగ్గా 5 కాకుండా 5.25 ఇస్తే 3.61. మనం చెప్పుకున్న 3.6 హద్దు దాటిపోయాం.

నిజానికి 3.3 వోల్టుల బోర్డుకి సరిగ్గా 3.3 అందించాల్సిన పని లేదు. ఈఎస్‌పీ32 ఒక పిన్‌ని హై అని నమ్మడానికి సప్లైలో 75 శాతం చాలు, అంటే సుమారు 2.5 వోల్టులు. కింద హద్దు 2.5, పైన హద్దు 3.6. ఈ రెండిటికీ మధ్యలో, 3.0 దగ్గర గురి పెట్టండి. అప్పుడు అటూ ఇటూ జరిగినా చోటుంటుంది.

3.0 కోసం R1 గా 2.2కే, R2 గా 3.3కే తీసుకోండి. రెండూ షాపుల్లో మామూలుగా దొరికేవే. 2.2కే మీద చారలు ఎరుపు, ఎరుపు, ఎరుపు. 3.3కే మీద ఆరెంజ్, ఆరెంజ్, ఎరుపు. చివర్న బంగారు రంగు చార ఉంటే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం.

```
5.0 × 3.3 / (2.2 + 3.3) = 3.0 V
```

ఇప్పుడు చెడ్డ రోజు ఊహిద్దాం. ఛార్జర్ 5.25 ఇస్తోంది, రెండు రెసిస్టర్లూ మనకి వ్యతిరేక దిక్కుల్లో 5 శాతం తేడాగా ఉన్నాయి. అయినా పిన్ మీద 3.28 దాటదు. రెండో వైపు, సన్నటి పొడుగు కేబుల్ వల్ల సెన్సర్‌కి 4.5 మాత్రమే అందుతోంది, రెసిస్టర్ల తేడా కిందకి లాగుతోంది. అప్పుడు కూడా 2.59 వస్తుంది, 2.5 హద్దుకి పైనే. ఈ జత రెండు వైపులా తట్టుకుంటుంది.

మేడ మీద నుంచి కిందకి పొడుగు వైరు వేస్తే సిగ్నల్ నెమ్మదిస్తుందా అని అడుగుతారు. పది మీటర్ల వైరుకి వచ్చే ఆలస్యం ఒకటి రెండు మైక్రోసెకన్లు. ఈ సెన్సర్‌కి ఒక సెంటీమీటరు అంటే 58 మైక్రోసెకన్లు, కాబట్టి ట్యాంక్ కొలతలో తేడా కనబడదు. రెసిస్టర్లని మాత్రం బోర్డు పక్కనే పెట్టండి, సెన్సర్ పక్కన కాదు. కేబుల్ అంతా 5 వోల్టుల సిగ్నల్ నడిస్తే, దారిలో మోటర్ వైర్ల నుంచి వచ్చే గోల దాన్ని అంత తేలిగ్గా పాడు చేయలేదు.

బోర్డుకి కలిపే ముందు పరీక్ష

ఎకో పల్స్‌ని మీటర్ సరిగ్గా చూపించదు అన్నాను కదా, మరి డివైడర్ సరిగ్గా కట్టామో లేదో ఎలా తెలియాలి? సెన్సర్‌ని పక్కన పెట్టండి. డివైడర్ మధ్య పాయింట్ నుంచి బోర్డు పిన్‌కి వైరు ఇంకా పెట్టకండి. R1 పై చివర, ఎకో కలపాల్సిన చోట, బోర్డు మీద 5 వోల్టులు వచ్చే పిన్ కలపండి. R2 కింది చివర గ్రౌండ్‌కి. ఇప్పుడు వోల్టేజ్ నిలకడగా ఉంది, మీటర్ నిజమే చెప్తుంది.

మధ్య పాయింట్ దగ్గర 3.0 చుట్టుపక్కల వస్తే సరిగ్గా ఉంది. 2.8 వచ్చినా కంగారు పడకండి, కొన్ని బోర్డుల్లో యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల పిన్‌కి మధ్య డయోడ్ ఉంటుంది, అక్కడే కొంచెం తగ్గుతుంది. 2.0 వస్తే రెసిస్టర్లు తారుమారయ్యాయి. అలాగే వదిలేస్తే పిన్ కాలదు గానీ, 2.0 అనేది హై కాదు, లో కాదు, రీడింగ్ పిచ్చిగా వస్తుంది. మొత్తం 5 వోల్టులు వస్తే R2 గ్రౌండ్‌కి అందట్లేదు. బ్రెడ్‌బోర్డులో వైరు వదులైనప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే, ప్రమాదకరమైనదీ ఇదే. అయితే అప్పుడు కూడా R1 దారికి అడ్డంగా ఉంటుంది కాబట్టి, పిన్‌లోకి దూరే కరెంట్ అర మిల్లీయాంప్ దగ్గర ఆగుతుంది. నేరుగా గుచ్చిన వైరుకి ఆ అడ్డు లేదు. ట్యాంక్ దగ్గర శాశ్వతంగా పెట్టేటప్పుడు మాత్రం బ్రెడ్‌బోర్డు వద్దు, సోల్డర్ చేసేయండి.

పరీక్ష అయ్యాక 5 వోల్టుల వైరు తీసి, ఎకోని దాని స్థానంలో పెట్టి, మధ్య పాయింట్‌ని 27వ పిన్‌కి, ట్రిగ్‌ని 26వ పిన్‌కి కలపండి. సెన్సర్ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్ ఒక్కటై ఉండాలి. కోడ్ ఇంతే.

```cpp
const int TRIG = 26, ECHO = 27;

void setup() {
  Serial.begin(115200);
  pinMode(TRIG, OUTPUT);
  pinMode(ECHO, INPUT);
}

void loop() {
  digitalWrite(TRIG, HIGH);
  delayMicroseconds(10);
  digitalWrite(TRIG, LOW);
  long us = pulseIn(ECHO, HIGH, 30000);
  Serial.println(us / 58.0);
  delay(1000);
}
```

సీరియల్ మానిటర్‌లో సెంటీమీటర్లు కనబడతాయి. 0.00 వస్తే 30 మిల్లీసెకన్లలో ఎకో సరిగ్గా అందలేదని అర్థం.

పిన్ పోయిందో లేదో ఎలా తెలుస్తుంది

మా తమ్ముడి బోర్డు దగ్గరికి వద్దాం. 18వ పిన్‌కి ఉన్న వైర్లన్నీ పీకేశాం. ఆ పిన్‌ని `INPUT_PULLUP` గా పెట్టి `digitalRead` చేస్తే, ఏమీ కలపనప్పుడు 1 రావాలి. 1కే రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కి తాకిస్తే 0 రావాలి. మాకు రెండుసార్లూ 0 వచ్చింది. తర్వాత `OUTPUT` గా పెట్టి హై చేసి మీటర్‌తో చూస్తే 3.3 దగ్గర రావాలి, అదీ రాలేదు. అదే పరీక్ష 27 మీద చేస్తే అన్నీ సరిగ్గా వచ్చాయి. అంటే కోడ్ తప్పు కాదు, సెన్సర్ తప్పు కాదు, ఆ ఒక్క పిన్ పోయింది.

ఈ పరీక్ష 34 నుంచి 39 వరకు ఉన్న పిన్ల మీద చేయకండి. వాటికి లోపల పుల్-అప్ లేదు, అవుట్‌పుట్ కూడా లేదు. బాగున్న పిన్‌ని పోయిందనుకుంటారు. ఇంకో గుర్తు, ఏమీ కలపకుండా బోర్డుకి కరెంట్ ఇచ్చినప్పుడు మధ్యలోని చిప్ వేలు పెట్టలేనంత వేడెక్కితే, దెబ్బ ఒక్క పిన్‌తో ఆగలేదన్నమాట. ఆ బోర్డుని ట్యాంక్ మోటర్ లాంటి వాటికి నమ్మకండి. మా బోర్డు వేడెక్కలేదు, 27తో నడుస్తోంది.

ఇద్దరూ మాట్లాడే వైరు

తర్వాత అతను వంటింట్లో ఒక డిస్‌ప్లే పెడదామన్నాడు. 16 అక్షరాల రెండు లైన్ల ఎల్‌సీడీ, వెనకాల చిన్న ఐ2సీ బోర్డు ఉన్నది. దానికీ 5 వోల్టులే. "అన్నయ్యా, దీనికీ అలాగే రెండు రెసిస్టర్లు పెట్టీమంటావా?" అన్నాడు. ఇక్కడ పెట్టకూడదు. మళ్ళీ అదే ప్రశ్న, వైరుని నడిపేది ఎవరు?

ఐ2సీలో ఎవరూ వైరుని పైకి నెట్టరు. ఒక రెసిస్టర్ వైరుని ఎప్పుడూ పైకి లాగి ఉంచుతుంది, బోర్డైనా డిస్‌ప్లే అయినా మాట్లాడాలంటే కిందకి లాగుతుంది. డిస్‌ప్లే వెనకాల ఉన్న రెసిస్టర్, చాలావాటిలో 4.7కే, వైరుని 5 వోల్టులకి లాగుతుంది. మన డివైడర్ పెడితే, బోర్డు సున్నాకి లాగినప్పుడు డిస్‌ప్లే వైపు 1.6 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. దానికి 1.5 కంటే తక్కువైతేనే లో. ఎవరూ లాగనప్పుడు 2.7 మాత్రమే వస్తుంది, దానికి 3.5 ఉంటేనే హై. రెండు వైపులా చెడింది.

దీనికి రెండు వైపులా పని చేసే షిఫ్టర్ కావాలి. నాలుగు లైన్ల చిన్న నీలం లేదా ఎరుపు మాడ్యూల్ దొరుకుతుంది. ప్రతి లైనుకీ బీఎస్‌ఎస్138 అనే ఒక మాస్‌ఫెట్, రెండు 10కే రెసిస్టర్లు. ఈ పద్ధతిని ఫిలిప్స్ వాళ్ళు 1997లో ఒక అప్లికేషన్ నోట్‌లో వివరించారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. బోర్డు తన వైపు కిందకి లాగితే మాస్‌ఫెట్ ఆన్ అయి 5 వోల్టుల వైపుని కూడా లాగుతుంది. డిస్‌ప్లే లాగితే, ముందు మాస్‌ఫెట్‌లో ఉండే డయోడ్ బోర్డు వైపుని కొంచెం దించుతుంది, దాంతో మాస్‌ఫెట్ ఆన్ అయి పూర్తిగా దించుతుంది. ఎవరూ లాగనప్పుడు మాస్‌ఫెట్ ఆఫ్, ఎవరి రెసిస్టర్ వాళ్ళ వోల్టేజ్‌కి లాగుతుంది. 5 వోల్టులు ఇటు దాటవు.

మాడ్యూల్ మీద LV అని ఉన్నచోట బోర్డు 3.3, HV అని ఉన్నచోట 5, రెండు వైపులా గ్రౌండ్. LV1కి బోర్డు 21వ పిన్, LV2కి 22వ పిన్, ఎదురుగా HV1, HV2లకి డిస్‌ప్లే ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. LV, HV తారుమారు చేయకండి. ఐ2సీ వేగానికి ఇది హాయిగా సరిపోతుంది. ఎస్‌డీ కార్డు లాంటి వేగమైన వాటికి మాత్రం సరిపోదు, అక్కడ 10కే రెసిస్టర్ వైరుని అంత త్వరగా పైకి లాగలేదు.

ఇంకా కొనని వాళ్ళకి ఒక మాట. 3.3 వోల్టులతోనే నడిచే సెన్సర్ దొరికితే ఈ గొడవే లేదు. ఇదే అల్ట్రాసోనిక్ సెన్సర్‌లో 3 నుంచి 5.5 వోల్టుల దాకా నడిచే మోడల్ ఉంది, వెతికేటప్పుడు `HC-SR04P` అని టైప్ చేయండి. దానికి 3.3 సప్లై ఇస్తే ఎకో కూడా 3.3 దాటదు, నేరుగా కలపొచ్చు. పొరపాటున దానికీ 5 సప్లై ఇస్తే మాత్రం ఎకో మళ్ళీ 5కి పోతుంది. అప్పుడు R1, R2 పెట్టాల్సిందే.